గ్రంథాలయం జరిమానా బోర్డు తిరగరాస్తున్నారా? ఏ దారి ఎవరికి నప్పుతుంది

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్లు నడుపుకునే చిన్న గ్రంథాలయాల్లో ఈ రకం బోర్డు చూసే ఉంటారు.

“గడువు మీరిన పుస్తకములకు దినమునకు రూ.1 చొప్పున అపరాధ రుసుము విధించబడును. పుస్తకము పోగొట్టినవారు ముద్రిత వెలకు రెట్టింపు చెల్లించవలెను. చెల్లించని యెడల సభ్యత్వము రద్దు చేయబడును.”

ఈ బోర్డుని కొంచెం మెత్తగా రాద్దామని కమిటీలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. బడిలో ఒడియా చదువుకుంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు పుస్తకం పట్టుకోవడమే గగనమైన చోట, గుమ్మంలోనే ‘రద్దు’ అని కనబడితే ఎవరు లోపలికొస్తారు? అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. మాటలు మార్చాలా, లెక్క మార్చాలా, లేక జరిమానానే ఎత్తేయాలా? ఈ దారులు పైకి దగ్గరదగ్గరగా కనిపిస్తాయి గాని, ఏడాది తిరిగేసరికి అలమరలో తేడా తెలుస్తుంది.

ముందు మీ పాత బోర్డుతో ఒక లెక్క వేయండి

1987లో అచ్చయిన నవల ఒకటి అనుకుందాం. అట్ట వెనక వెల 18 రూపాయలు. ఒకాయన తీసుకెళ్లాడు, జూన్ 10కి తిరిగివ్వాలి. ఈలోగా ఉద్యోగం బదిలీ అయింది, సామాను మూటలు కట్టారు, పుస్తకం ఏదో పెట్టెలోకి వెళ్లిపోయింది. అక్టోబరు 28న దొరికింది. పాత బోర్డు ప్రకారం 140 రోజులకు 140 రూపాయలు.

అదే మనిషి పుస్తకం ఇంట్లో పెట్టుకుని “పోయిందండీ” అంటే? ముద్రిత వెలకు రెట్టింపు, 36 రూపాయలు. ముప్పై ఏడో రోజు నుంచి పుస్తకం తెచ్చివ్వడం కంటే పోయిందని చెప్పడం చౌక. కొన్ని చోట్ల రెండూ కలిపి వసూలు చేస్తారు, అప్పుడు 176 అవుతుంది. ఆ మనిషి ఆ వీధిలోకే రావడం మానేస్తాడు. ఎటు చూసినా పుస్తకం మాత్రం తిరిగి రాదు. 36 రూపాయలకు ఆ నవల ఇవాళ దొరకదు. మళ్లీ అచ్చయి ఉంటే నాలుగైదు రెట్లు పెట్టాలి, దానికోసం విజయనగరమో విశాఖో వెళ్లేవాళ్లకి చెప్పి తెప్పించుకోవాలి. అచ్చులో లేకపోతే అంతే సంగతులు.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి. సభ్యుడికి అన్నిటికంటే సులువైన పని పుస్తకం తెచ్చి ఇవ్వడమే అయిందా లేదా? కాకపోతే భాష ఎంత తియ్యగా ఉన్నా ఆ నిబంధన పుస్తకాన్ని బయటే ఉంచేస్తుంది.

మొదటి దారి: మాటలు మాత్రమే మార్చడం

“ప్రియమైన పాఠక మిత్రులారా, తోటి పాఠకుల సౌకర్యార్థం గడువులోగా పుస్తకాలు తిరిగి ఇచ్చి సహకరించగలరని మనవి. ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.1.” చదవడానికి బాగుంది. బల్ల దగ్గరకొచ్చేసరికి అదే 140 రూపాయలు, నవ్వుతూ అడుగుతారు, అంతే తేడా. బోర్డు మర్యాదగా ఉండి బిల్లు మొరటుగా ఉంటే జనానికి ఇంకా చిరాకు వస్తుంది, ఆ చిరాకంతా బల్ల వెనక కూర్చున్నవాళ్ల మీద పడుతుంది.

దీన్ని ఎంచుకోదగిన సందర్భం ఒక్కటే. సంఘం నియమావళిలో రుసుము రాసి ఉండి, సర్వసభ్య సమావేశం దాకా ఎవరూ మార్చలేని స్థితిలో ఉంటే, అప్పటిదాకా సర్దుబాటుగా పనికొస్తుంది. అప్పుడు కూడా ‘ప్రియమైన’, ‘మనవి’ లాంటివి పేర్చడం కంటే, పాత నిబంధనలోనే ఉన్న వెసులుబాటు ఏదైనా ఉంటే దాన్ని పైకి తీసుకురండి. రెన్యూవల్ ఉందని చాలా బోర్డుల మీద రాయనే రాయరు.

రెండో దారి: జరిమానా ఉంచి, దానికి ఒక హద్దు పెట్టడం

గడువు దాటాక ఏడు రోజులు ఏమీ లేదు. ఎనిమిదో రోజు నుంచి రోజుకు రూపాయి, ఎన్ని నెలలైనా 20 రూపాయల దగ్గర ఆగిపోతుంది. పిల్లల కార్డులకు అసలు లేదు. పైన చెప్పిన నవల లెక్క ఇప్పుడు 20 రూపాయలు. అటకమీంచి పుస్తకం దింపినవాడు సిగ్గుపడకుండా తెచ్చివ్వగలడు.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది కమిటీలు సరిగా ఆలోచించని చోటు. ‘పుస్తకం వెల మించకుండా’ అని రాస్తే పాత పుస్తకానికి 18, కొత్త పుస్తకానికి 400 అవుతుంది. ఎవరికీ గుర్తుండదు, బల్ల దగ్గర వాదన. ఒకే అంకె పెట్టండి, అది కొత్త పుస్తకం కొనే ఖర్చులో చిన్న ముక్కగా ఉండేలా చూడండి.

ఈ దారికి ఒక లోపం ఉంది. ఇజ్రాయెల్ హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద గ్నీజీ, రుస్టికీని అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశీలన 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ‘పాపం టీచరమ్మ కాచుక్కూర్చుంటుంది’ అనుకున్నవాళ్లు, డబ్బు కడుతున్నాంగా అనుకోవడం మొదలుపెట్టారు. మన 20 రూపాయల హద్దు కూడా కొందరికి అలాగే అద్దెలా కనిపిస్తుంది. ‘ఇరవై పారేస్తే సెలవులంతా ఉంచుకోవచ్చు’ అంటారు. పుస్తకాలు ఎక్కువగా ఉండి ఒకే పుస్తకం కోసం పోటీ లేకపోతే దీనివల్ల పెద్ద నష్టం లేదు. పోటీ పరీక్షల పుస్తకాల్లాంటివి ఉంటే ఉంది. వాటిని తక్కువ గడువుతో, వేరే రంగు చీటీతో ఇవ్వండి.

మూడో దారి: జరిమానా ఎత్తేసి, పుస్తకం వచ్చేదాకా కొత్త పుస్తకం ఆపడం

ఇందులో డబ్బు లేదు. పాతది తెచ్చినరోజే కొత్తది తీసుకెళ్లొచ్చు. గడువు దాటి అరవై రోజులైతే పుస్తకం పోయినట్టు రాసుకుంటారు, తర్వాత ఎప్పుడు తెచ్చినా ఆ రాత కొట్టేస్తారు.

“జరిమానా లేకపోతే ఎవులు తెత్తారండీ?” అని కోశాధికారి గారు అడుగుతారు, అడగాలి కూడా. చెప్పడానికి ఉదాహరణలున్నాయి. అమెరికాలో షికాగో నగర గ్రంథాలయం 2019 అక్టోబరులో ఆలస్య జరిమానాలు తీసేసింది, పాత బాకీలు కూడా కొట్టేసింది. తర్వాతి మూడు వారాల్లో తిరిగొచ్చిన పుస్తకాలు 240 శాతం పెరిగాయని వాళ్లు ప్రకటించారు. న్యూయార్క్ గ్రంథాలయాలు 2021 అక్టోబరులో అదే దారి పట్టాయి. అయితే ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు ఒక సంగతి మింగేస్తుంటారు. రెండు చోట్లా తీసేసింది ఆలస్యపు జరిమానా మాత్రమే. పుస్తకం పోతే దాని ఖర్చు పెట్టుకోవడం అలాగే ఉంది.

ఇంకో సంగతి. హైఫాలో తర్వాత జరిమానా తీసేసినా ఆలస్యాలు మళ్లీ తగ్గలేదు. ఒకసారి డబ్బుతో ముడిపడిన అలవాటు, ఆ డబ్బు తీసేసినంత మాత్రాన తిరిగి మర్యాదగా మారదు. అందుకే ఈ దారి బోర్డు మీద కాదు, ఫోన్ మీద నడుస్తుంది. గడువుకి రెండు రోజుల ముందు ఒక మెసేజ్, దాటిన వారానికి ఒకటి, నెలకి ఒక ఫోన్ కాల్. ఆ పని చేసే మనిషి లేకపోతే మూడో దారి జోలికి పోకండి, రెండోదే మేలు.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. ప్రతి నెల ఒకటో తారీకున ఇష్యూ రిజిస్టరు తెరిచి, గడువు దాటి ముప్పై రోజులకు మించిన పుస్తకాలు ఎన్నో లెక్కపెట్టి, పేజీ మూల రాయండి. ఆ అంకె మూడు నెలలు వరుసగా పెరిగితే, జనం చెడిపోయారనుకోకండి. మెసేజ్‌లు వెళ్లడం లేదు.

మెసేజ్ విషయంలో మన వైపు ప్రత్యేకత ఒకటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది చదువు ఒడియాలో సాగింది, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. కాబట్టి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపండి. “నమస్తే మాస్టారూ, లైబ్రరీ నుంచండి. మీరు పట్టుకెళ్లిన పుస్తకం గురువారానికి ఇవ్వాలి. చదవడం అవ్వకపోతే ‘ఉంచుకుంటాను’ అని ఒక్క మాట పెట్టండి, ఇంకో పదిహేను రోజులు రాసేస్తాను.” ఇందులో బెదిరింపు లేదు, బతిమాలడం కూడా లేదు. చేయాల్సిన పని ఉంది, చేయలేకపోతే ఇంకో దారి ఉంది. పుస్తకం పేరు చెప్పాలా వద్దా అన్నది ఆలోచించండి. ఇంట్లో పదిమంది వినే ఫోన్‌లో ఎవరేం చదువుతున్నారో చాటడం బాగుండదు, నేనైతే చెప్పను.

నా మట్టుకు, సభ్యులు ఒకటి రెండు వందల్లో ఉండి, బల్ల దగ్గరున్న మనిషికి ముఖాలు తెలిసిన గ్రంథాలయానికి మూడో దారే సరైనది. కాలేజీ గ్రంథాలయానికి రెండోది. పరీక్షల ముందు పుస్తకం పట్టుకుని కూర్చునేవాడికి కొత్త పుస్తకం ఆపేస్తామంటే వాడికేం లెక్కుండదు.

పోయిన పుస్తకం దగ్గరే అసలు తేడా

ఆలస్యం గురించి ఎంత చర్చ జరిగినా, సభ్యుడికీ గ్రంథాలయానికీ మాటలు తెగేది పుస్తకం పోయినప్పుడే. ఇక్కడ కూడా మూడు నాలుగు పద్ధతులున్నాయి.

ముద్రిత వెలకు రెట్టింపు అన్నది పాత పుస్తకానికి చాలదు, కొత్తదానికి దండగ. తీసేయండి. అదే పుస్తకం కొనివ్వమనడం మంచిదే. కాని ‘అదే ముద్రణ’ అనకండి, ‘ఏ ముద్రణ అయినా, పాతదైనా, పేజీలన్నీ ఉంటే చాలు’ అనండి. ఒడిశాలో కూర్చుని తెలుగు పుస్తకం వెతకడం అందరికీ కుదరదు గనక, సంఘమే తెప్పించి, బిల్లు మీద ఉన్నది మాత్రమే తీసుకునే వీలు కూడా ఉండాలి.

అసలు దొరకని పుస్తకానికి ఏం చేయాలి? ఎక్కువ బోర్డులు ఇక్కడ మౌనంగా ఉంటాయి, అందుకే ఇక్కడే గొడవ. ‘కావలసిన పుస్తకాల జాబితా’ ఒకటి బల్ల దగ్గర పెట్టండి. పాఠకులు అడిగినవి, లేవని చెప్పి పంపినవి అందులో రాయండి, ఒక్కోదాని ఎదురుగా ఇప్పటి వెల వేయండి. పోయిన పుస్తకం స్థాయిది ఒకటి సభ్యుడే ఎంచుకుని ఇస్తాడు. 1987 నవల పోగొట్టినాయన 150 రూపాయల పిల్లల కథల పుస్తకం తెచ్చాడంటే అలమరకి కొత్త పుస్తకం వచ్చింది, ఆయన తలెత్తుకుని వచ్చాడు. రిజిస్టరులో పాత నంబరు ఎదురుగా ‘బదులు పుస్తకం వచ్చింది, కొత్త నంబరు ఫలానా’ అని రాసి సంతకం పెట్టిస్తే ఆడిట్‌కి సరిపోతుంది. పాత నంబరే కొత్త పుస్తకానికి వేయకండి. రేపు ఆ నవల దొరికితే దానికి చోటుండదు.

మహారాష్ట్ర సరిహద్దులో, సిరొంచ, బల్లార్షా వైపు, చేరేటప్పుడే అనామత్ డబ్బు, అంటే డిపాజిట్, తీసుకునే పద్ధతి మామూలు. పుస్తకం పోతే అందులోంచి తగ్గించుకోవడం సులువుగా కనిపిస్తుంది. గ్రంథాలయానికి డబ్బు భద్రంగానే ఉంటుంది, పుస్తకం మాత్రం రాదు. పైగా డిపాజిట్ అయిపోయినట్టు తెలిసిన సభ్యుడు ఇక రాడు. డిపాజిట్ ఉంటే ఉండనివ్వండి, దాన్ని ఆఖరి మెట్టుగా రాయండి, మొదటి మెట్టుగా కాదు. అక్కడ 1967 నాటి గ్రంథాలయ చట్టం కింద గ్రాంటు తీసుకునే సంస్థ అయితే, ఏ మార్పైనా తీర్మానం రాసుకుని చేయాలి.

‘ఇలా వదిలేస్తే పుస్తకాలన్నీ పోతాయి’ అనేవాళ్లకి ఒక కొలత చూపించండి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల గ్రంథాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు 2017లో, 215వ నియమం ప్రకారం, ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమైన నష్టమే, అందులో మోసం గాని నిర్లక్ష్యం గాని లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాన్ని, వెల ఎంతైనా సరే అరుదైన పుస్తకాన్ని మాత్రం తప్పకుండా విచారించాలి. మన సంఘాలకు ఇది చట్టమేం కాదు, కొలబద్దగా పనికొస్తుంది. ఏడాదికి 1,800 పుస్తకాలు ఇచ్చే చోట తొమ్మిది దాకా పోతే కంగారు పడక్కర్లేదు. ఆ నియమంలోని రెండో సగం కూడా తీసుకోండి. మళ్లీ దొరకని పాత తెలుగు పుస్తకాలకు ఎర్ర చీటీ అంటించి, అక్కడే కూర్చుని చదివే ఏర్పాటు చేయండి. జరిమానా ఎంత పెట్టినా వాటిని కాపాడలేదు.

అన్నీ కలిపితే బోర్డు ఇలా ఉండొచ్చు

మూడో దారికి రాసిన నమూనా ఇది. రెండో దారి అయితే రెండో పేరాలో ‘డబ్బు కట్టక్కర్లేదు’ అన్నది తీసి, 20 రూపాయల హద్దు మాట రాయండి.

“పుస్తకం పదిహేను రోజులు మీ దగ్గర ఉంచుకోవచ్చు. చదవడం పూర్తవకపోతే ఫోన్ చేయండి, ఇంకో పదిహేను రోజులు రాస్తాం. వేరేవాళ్లు అడిగి ఉంటే మాత్రం చెప్తాం.

ఆలస్యమైందా? ఫర్వాలేదు, తెచ్చి ఇవ్వండి. డబ్బు కట్టక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. పాతది వచ్చాక కొత్తది తీసుకోవచ్చు.

పుస్తకం కనబడటం లేదా? మాకు చెప్పండి. ఇంకో నెల వెతకండి. దొరక్కపోతే వీటిలో ఏదో ఒకటి చేయండి: అదే పుస్తకం ఏ ముద్రణ అయినా తెచ్చివ్వండి, లేదా మేం తెప్పిస్తాం, బిల్లు మీరు ఇవ్వండి, లేదా బల్ల దగ్గర జాబితాలోంచి ఒక పుస్తకం ఇవ్వండి. ఒకేసారి కష్టమైతే చెప్పండి, నెలనెలా ఇవ్వొచ్చు. మీరు డబ్బు ఇచ్చాక ఆరు నెలల్లోపు పాత పుస్తకం దొరికితే డబ్బు వెనక్కి ఇస్తాం.

తడిసిందా, చిరిగిందా? ఎండలో పెట్టకండి, టేపు అంటించకండి. అలాగే వెంటనే తెచ్చివ్వండి, బాగుచేయడం మా పని.

గడువు దాటి అరవై రోజులైనా మీ నుంచి మాట లేకపోతే పుస్తకం పోయినట్టు రాసుకుంటాం. తర్వాత ఎప్పుడు తెచ్చినా ఆ రాత తీసేస్తాం.”

ఇందులో ప్రతి పేరా సభ్యుడికి ఎదురైన పరిస్థితితో మొదలై, అతను చేయాల్సిన పనికి వెళ్తుంది. ‘విధించబడును’, ‘అనర్హులగుదురు’ లాంటి క్రియల్లో ఎవరు చేస్తారో కనిపించదు, అడగడానికి మనిషి దొరకడు. ‘మేం రాస్తాం’, ‘మీరు చెప్పండి’ అన్నప్పుడు బల్ల వెనక ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది. కఠినమైన మాట ఆఖర్లో ఉంది, దాచలేదు. దాన్ని అసలే తీసేసి అంతా తీపి మాటలే రాస్తే, అరవై ఒకటో రోజున చీటీ అందుకున్నవాడికి మోసం చేసినట్టుంటుంది.

తడిసిన పుస్తకం వాక్యం వానాకాలంలో ఎన్ని పుస్తకాలు కాపాడుతుందో చెప్పలేను. జరిమానా భయంతో జనం తడిసినదాన్ని మడిచి దాచేస్తారు. రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, ఆ బూజు అలమరలో పక్క పుస్తకాలకూ పాకుతుంది. అదేరోజు చేతికొస్తే, పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టి, ఫ్యాన్ గాలికి ఉంచి, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి మారుస్తుంటే చాలావరకు నిలబడుతుంది. నున్నటి బొమ్మల కాగితం అయితే పేజీలు అతుక్కుపోతాయి, దాన్ని అసలు మూసి ఉంచకూడదు. సెల్లోటేపు సంగతి పాత పుస్తకాలు తిరగేసినవాళ్లకి తెలుసు. కొన్నేళ్లకి టేపు ఊడిపోతుంది, జిగురు పసుపుపచ్చ మరకై కాగితంలోకి దిగిపోతుంది.

బోర్డుకి పక్కనే ఒడియాలో అదే విషయం ఉండాలి. తెలుగు పాఠాన్ని వాక్యానికి వాక్యం మార్చడం కంటే, ఒడియా చదివే ఇంటర్ పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టి, మన నిబంధన నోటితో చెప్పి, వాళ్ల మాటల్లో రాయించండి. రాశాక ఇంకొకరికి చదివి వినిపించి, ‘పుస్తకం పోతే నువ్వేం చేస్తావు?’ అని అడగండి. సరిగా చెప్తే బోర్డు ఎక్కించవచ్చు.

పాత బాకీలు

కొత్త బోర్డు పెట్టేముందు తేల్చాల్సింది ఇది. రిజిస్టరులో ఏళ్ల తరబడి పేరుకున్న జరిమానాలు ఉంచుకుని కొత్త మాట చెబితే ఎవరూ నమ్మరు. ఒక నెల పెట్టుకోండి. మజ్జిగౌరమ్మ చైత్ర పండగకో సంక్రాంతికో బయటున్నవాళ్లు ఊరొచ్చే రోజులు అందులో పడేలా చూసుకోండి. ఆ నెలలో వచ్చిన ఏ పుస్తకానికీ అడగడం ఉండదని చెప్పి, తలుపు పక్కన ఒక పెట్టె పెట్టండి, ఎవరూ లేనప్పుడు వేసిపోవడానికి. ముఖం చాటేసినవాళ్లకి పెట్టె చాలా సౌకర్యం. నెల అయ్యాక మిగిలిన బాకీలను కమిటీ తీర్మానంతో కొట్టేసి, కోశాధికారి చేత తేదీ వేయించండి. ఆ మర్నాడు కొత్త బోర్డు తగిలించండి, పాతదాన్ని అదే గోడమీద పక్కన ఉంచకండి.